ఆప్షన్ 43 ఎవరిది? హనుమకొండ ఆసుపత్రి పాత బ్లాకులో ఒక కేసు

హనుమకొండలో ములుగు రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి నాకు పిలుపు వచ్చినప్పుడు అక్కడ మూడు ఫిర్యాదులు ఉన్నాయి. కొత్తగా తెరిచిన డయాలిసిస్ వార్డులో బిగించిన నాలుగు యాక్సెస్ పాయింట్ల దీపాలు రంగులు మారుతూనే ఉన్నాయి కానీ వైఫై రావడం లేదు. రెండో అంతస్తు నర్సింగ్ స్టేషన్‌లో మార్చిన ఐపీ ఫోను తన ఎక్స్‌టెన్షన్ నంబరు తీసుకోవడం లేదు. ఓపీ చీటీలు రాసే 12 కౌంటర్లలో నాలుగు యంత్రాలు ఉదయం ఆన్ చేస్తే నెట్‌వర్క్ నుంచి బూట్ కావడం లేదు. పరకాల, భూపాలపల్లి, ములుగు నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చినవాళ్లు మిగిలిన ఎనిమిది కౌంటర్ల ముందు గంటల తరబడి నిలబడుతున్నారు.

ఆసుపత్రి ఐటీ వ్యవహారాలు చూసే యువకుడు నాతో అన్న మాట ఈ కేసు మొత్తానికి ఆనవాలు. "అన్నా, ఒకటి సక్కగ చేస్తే ఇంకోటి పోతుంది. వైఫై వాళ్లొచ్చి చేసిపోతే ఫోన్లు పోతున్నయ్, ఫోన్ల వాళ్లొచ్చి చేసిపోతే వైఫై పోతుంది. అది కూడ ఆ రోజే పోదు, పది రోజులకు పోతుంది." ఆ చివరి మాట మీదే నా దృష్టి నిలిచింది. మార్పు చేసిన రోజున కాకుండా పది రోజుల తరువాత బయటపడే లోపమంటే, పరికరాలు ఏదో పాత సమాచారాన్ని గుర్తుపెట్టుకొని నడుస్తున్నాయన్నమాట.

పాత బ్లాకు నెట్‌వర్క్ అమరిక ఇది. మొత్తం బ్లాకుకు ఒకటే వీలాన్, అంటే స్విచ్‌లలో విడిగా గీసిన నెట్‌వర్క్ భాగం ఒక్కటే, చిరునామాలు 10.20.40.0/24 పరిధిలోనివి. అందులోనే 22 యాక్సెస్ పాయింట్లు, 31 ఫోన్లు, 12 ఓపీ కౌంటర్ యంత్రాలు, డాక్టర్ల గదుల్లోని కంప్యూటర్లు ఉన్నాయి. కౌంటర్ యంత్రాల్లో హార్డ్ డిస్కు ఉండదు, అవి ఆన్ అయిన ప్రతిసారీ నెట్‌వర్క్‌లోని బూట్ సర్వర్ నుంచి సిస్టమ్‌ను తెచ్చుకుంటాయి. ఈ వీలాన్‌కు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పనిని ప్రధాన స్విచ్ చేసేది. ఇన్ని రకాల పరికరాలను ఒకే వీలాన్‌లో ఉంచడం మంచి పద్ధతి కాదని నాకూ తెలుసు. అయితే ఆ బ్లాకులోని ఐదు స్విచ్‌లలో రెండింటికి వీలాన్‌లు తెలియవు, అవి సాధారణ స్విచ్‌లు, పైగా చాలా గదుల్లో కంప్యూటర్ తీగ ఫోను వెనుక నుంచే వెళ్తుంది. ఆసుపత్రి నడుస్తుండగా వాటిని విడదీయడం ఒక వారంలో అయ్యే పని కాదు. కాబట్టి ఉన్న అమరికలోనే దారి వెతకవలసి వచ్చింది.

జరిగిన మార్పులను వరుసగా రాసుకున్నాను. మొదట్లో యాక్సెస్ పాయింట్లన్నింటినీ నడిపే వైఫై కంట్రోలర్ కూడా పాత బ్లాకులోనే, అదే వీలాన్‌లో ఉండేది. ఈ యాక్సెస్ పాయింట్లు సిస్కో సంస్థవి. కంట్రోలర్ ఎక్కడుందో తెలియనప్పుడు ఇవి తమ సబ్‌నెట్ అంతటికీ వినబడేలా బ్రాడ్‌కాస్ట్‌లో అడుగుతాయి, గతంలో చేరిన కంట్రోలర్ల చిరునామాలు తమలో దాచుకొని ఉంటే వాటినీ అడుగుతాయి, డీహెచ్‌సీపీ జవాబులో చిరునామాతో పాటు వచ్చే అదనపు గడుల్లో ఒకటైన ఆప్షన్ 43 వస్తే అందులోని చిరునామానూ అడుగుతాయి, ఒక నిర్ణీతమైన పేరు కోసం డీఎన్‌ఎస్‌లో కూడా వెతుకుతాయి. కంట్రోలర్ పక్కనే ఉన్నంత కాలం బ్రాడ్‌కాస్ట్ ఒక్కటే సరిపోయింది, ఆప్షన్ 43 అవసరమే రాలేదు. ఆ ఖాళీగా ఉన్న 43ను ఫోన్లు బిగించినవాళ్లు వాడుకున్నారు. ఫోన్లు తమ సెట్టింగులు తెచ్చుకునే సర్వర్ చిరునామాను `http://10.20.10.12/prov/` అని అక్షరాల రూపంలో అందులో రాశారు. ఆ ఫోన్లు 43ను చదవగలవు కనుక అది తప్పు కాదు.

తరువాత కంట్రోలర్‌ను కొత్త బ్లాకులోని సర్వర్ గదికి మార్చి 10.20.10.5 చిరునామా ఇచ్చారు. బ్రాడ్‌కాస్ట్ వీలాన్ దాటి వెళ్లదు కనుక యాక్సెస్ పాయింట్లకు కంట్రోలర్ దొరకలేదు. వైఫై వాళ్లు వచ్చి, సరైన మందే అయిన ఆప్షన్ 43ను స్విచ్‌లోని చిరునామాల పూల్‌లో రాశారు. రాసేటప్పుడు అక్కడ అంతకు ముందే ఉన్న ఫోన్ల చిరునామా చెరిగిపోయింది, ఎందుకంటే ఆ స్విచ్‌లో వాళ్లు వాడుతున్న పద్ధతిలో ఒక పూల్‌కు ఒక 43 మాత్రమే ఉంటుంది. యాక్సెస్ పాయింట్లు చేరాయి. ఫోన్లు మాత్రం సెట్టింగులను ఇదివరకే తమలో దాచుకున్నాయి కాబట్టి ఏమీ జరగనట్టే మోగుతూ ఉన్నాయి. పది రోజుల తరువాత ఒక ఫోను పాడై కొత్తది పెట్టినప్పుడు గాని లోపం కనబడలేదు. ఫోన్ల వాళ్లు వచ్చి చూసి "ఎవరో మా అడ్రస్ తీసేసిండ్రు" అని తిరిగి తమ పాఠాన్ని రాశారు. ఈసారి యాక్సెస్ పాయింట్లు ఏమీ జరగనట్టే నడిచాయి, ఎందుకంటే అవి ఒకసారి చేరిన కంట్రోలర్‌ను గుర్తుపెట్టుకున్నాయి. డయాలిసిస్ వార్డులో ఏ జ్ఞాపకమూ లేని నాలుగు కొత్త యాక్సెస్ పాయింట్లు బిగించిన రోజున ఆ లోపం బయటపడింది. నేను వెళ్లేనాటికి ఆ ఒక్క విలువ మూడుసార్లు చేతులు మారింది. మార్చిన ప్రతివాడూ తన పరికరం పనిచేయడం కళ్లారా చూసే వెళ్లాడు. వాళ్లెవరినీ నిర్లక్ష్యం చేశారని అనలేను.

ఇక్కడ ఆప్షన్ 43 స్వభావాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2132 అనే ప్రమాణ పత్రం డీహెచ్‌సీపీ ఆప్షన్లకు అర్థాలు నిర్ణయించింది. గేట్‌వే చిరునామా ఆప్షన్ 3, అది ఏ పరికరానికైనా గేట్‌వేయే. ఆప్షన్ 43 అలాంటిది కాదు. అందులోని బైట్లకు అర్థం ఏమిటో నిర్ణయించే హక్కును ఆ పత్రం పరికరం తయారుచేసినవాళ్లకే వదిలేసింది. అందుకు జోడుగా ఆప్షన్ 60 ఉంది. పరికరం చిరునామా అడిగేటప్పుడు తాను ఏ జాతికి చెందినదో ఆప్షన్ 60లో ఒక పేరుగా చెబుతుంది. సర్వర్ ఆ పేరు చూసి, ఆ జాతికి అర్థమయ్యే భాషలో 43ను పంపాలి. 60ను చూడకుండా 43ను అందరికీ ఒకేలా పంచడమంటే, ఉత్తరం మీద పేరు చూడకుండా వీధిలో ప్రతి గుమ్మంలోనూ అదే ఉత్తరం వేయడం లాంటిది.

రెండు భాషలు ఎంత దూరమో బైట్ల స్థాయిలో చూస్తే తెలుస్తుంది. సిస్కో యాక్సెస్ పాయింట్ 43లో మొదటి బైటు `f1` కావాలంటుంది, రెండో బైటు తరువాత వచ్చే బైట్ల సంఖ్య, ఆ పైన కంట్రోలర్ చిరునామా. 10.20.10.5లోని నాలుగు అంకెలను పదహారాంకె పద్ధతిలో రాస్తే `0a 14 0a 05`. కాబట్టి మొత్తం విలువ ఆరు బైట్లు: `f1 04 0a 14 0a 05`. ఇదే విలువను ఫోను అక్షరాలుగా చదవబోతే అందులో చదవదగిన అక్షరం ఒక్కటీ ఉండదు, `0a` అయితే పంక్తి ముగింపు గుర్తు. దీన్ని తిప్పి చూద్దాం. ఫోన్ల చిరునామా 24 అక్షరాల పాఠం. మొదటి అక్షరం `h` విలువ `68`, రెండోది `t` విలువ `74`, అంటే 116. యాక్సెస్ పాయింట్ తన పద్ధతిలో చదివితే `68` అనే తనకు తెలియని రకం, దాని వెనుక 116 బైట్లు ఉన్నాయన్న మాట, ఉన్నవి చూస్తే 22 మాత్రమే. అది వెతికే `f1` ఎక్కడా దొరకదు. ఏ పరికరమూ "నాకు తప్పుడు 43 వచ్చింది" అని కేక వేయదు. 43 రానట్టే ప్రవర్తించి, తనకు తెలిసిన మిగిలిన దారులు వెతుక్కుంటుంది.

ఇదంతా ఊహగా మిగలకూడదు కనుక మొదట ప్యాకెట్లు పట్టి చూశాను. పాత బ్లాకు నుంచి వచ్చే పోర్టును ప్రధాన స్విచ్‌లో మిర్రర్ చేసి, నా ల్యాప్‌టాప్‌లో ఈ ఆదేశం నడిపాను.

```
tcpdump -ni eth0 -vvv -s0 'port 67 or port 68'
```

డయాలిసిస్ వార్డు యాక్సెస్ పాయింట్‌కు తీగ తీసి పెట్టగానే దాని ప్రశ్న కనబడింది. తరువాత ఫోనును, రెండు రకాల కౌంటర్ యంత్రాలనూ అలాగే ఆపి ఆన్ చేయించి, ప్రతి పరికరం ఆప్షన్ 60లో ఏమని చెప్పుకుంటుందో రాసుకున్నాను.

```
Cisco AP c1830
yealink
PXEClient:Arch:00000:UNDI:002001
PXEClient:Arch:00007:UNDI:003000
```

నాలుగు రకాల పరికరాలు, నాలుగు వేర్వేరు పేర్లు. పరికరాలు తామెవరో స్పష్టంగానే చెబుతున్నాయి, వినే పని సర్వర్ చేయడం లేదు. జవాబు ప్యాకెట్లలో మాత్రం యాక్సెస్ పాయింట్‌కూ, ఫోనుకూ ఒకే 43 వెళ్తోంది, అది కూడా నేను వెళ్లిన రోజున వైఫై వాళ్ల ఆరు బైట్లు కాదు, ఫోన్ల 24 అక్షరాలు కాదు, చివరిగా ఎవరో చేతితో టైపు చేస్తూ ఒక అంకె వదిలేసిన ఐదు బైట్లు. ఈ కారణం చేత ఆ రోజు కొత్త యాక్సెస్ పాయింట్, కొత్త ఫోను రెండూ ఏకకాలంలో పనిచేయలేదు.

ఫోన్ల వాళ్లు ఒక సూచన చేశారు. 43ను వైఫైకి వదిలేసి, తాము ఆప్షన్ 66కు మారతామన్నారు. ఆ ఫోన్లు 66ను కూడా చదువుతాయి కనుక సూచన బాగానే వినిపిస్తుంది. అయితే ప్రమాణంలో 66 అంటే బూట్ ఫైలు ఇచ్చే టీఎఫ్‌టీపీ సర్వర్ పేరు. నెట్‌వర్క్ బూట్ యంత్రాల్లో కొన్ని జవాబు ప్యాకెట్ శీర్షికలోనే ఉండే తరువాతి సర్వర్ గడిని చూస్తాయి, కొన్ని 66నూ చూస్తాయి. ఫోన్ల వెబ్ చిరునామాను 66లో అందరికీ పంచితే, 43 మీద ఉన్న పోటీ 66 మీదకు మారుతుంది, ఈసారి ఎదుటివాళ్లు ఓపీ కౌంటర్లు. నంబరు మార్చడం వల్ల ప్రశ్న తీరదు, ఎవరడిగారో చూసి జవాబివ్వడం వల్ల తీరుతుంది. ఆ ఫోన్లు సిస్కోవే అయి ఉంటే అవి ఆప్షన్ 150ను చూసేవి, ఈ పోటీ అసలు వచ్చేది కాదు. ఆ అదృష్టం అన్ని చోట్లా ఉండదు.

ప్రధాన స్విచ్‌లో ఆ పని నిబ్బరంగా చేయించలేకపోయాను. అందువల్ల పాత బ్లాకు డీహెచ్‌సీపీని సర్వర్ గదిలోని ఒక లినక్స్ యంత్రానికి మార్చి, అక్కడ `dnsmasq` అనే డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టాను. ప్రధాన స్విచ్ ఇప్పుడు ప్రశ్నలను ఆ యంత్రానికి చేరవేసే రిలే పని మాత్రమే చేస్తుంది. అమరికలోని ముఖ్యమైన పంక్తులు ఇవి.

```
dhcp-range=10.20.40.50,10.20.40.240,255.255.255.0,8h
dhcp-option=option:router,10.20.40.1
dhcp-vendorclass=set:ap,Cisco AP
dhcp-vendorclass=set:phone,yealink
dhcp-option=tag:ap,43,f1:04:0a:14:0a:05
dhcp-option=tag:phone,43,"http://10.20.10.12/prov/"
```

మూడో పంక్తి, ఆప్షన్ 60లో `Cisco AP` అనే ముక్క ఉన్న పరికరానికి `ap` అనే గుర్తు తగిలిస్తుంది. ఐదో పంక్తి, ఆ గుర్తు ఉన్న పరికరానికి మాత్రమే ఆరు బైట్ల 43ను ఇస్తుంది. ఫోన్లకూ అదే తీరు. గుర్తు లేని డాక్టర్ల కంప్యూటర్లకు 43 అసలే వెళ్లదు. పోలిక పూర్తి పేరుతో కాకుండా పేరులోని ముక్కతో జరుగుతుంది కనుక, రేపు వేరే మోడల్ యాక్సెస్ పాయింట్ వచ్చినా ఈ పంక్తి మార్చనక్కరలేదు. అలాగని `Cisco` అని మాత్రమే రాస్తే ఆ సంస్థ ఫోన్లు కూడా ఆ గుర్తు కిందికే వస్తాయి, వాటి పేరూ ఆ పదంతోనే మొదలవుతుంది. ముక్క మరీ చిన్నదైతే కొత్త తప్పుకు చోటిచ్చినట్టే. ఇంకొక సంగతి గమనించాలి. ఈ సర్వర్ సాధారణంగా పరికరం ఆప్షన్ 55లో అడిగిన జాబితాలో ఉన్నవాటినే పంపుతుంది. ఇక్కడ యాక్సెస్ పాయింట్, ఫోను రెండూ 43ను అడుగుతున్నాయని పట్టిన ప్యాకెట్లలో ముందే చూసుకున్నాను. అడగకుండానే పంపవలసిన పరికరం ఎదురైతే `dhcp-option-force` అనే వేరే పంక్తి రాయాలి.

ఇక ఓపీ కౌంటర్లు. ఆసుపత్రిలో అందరూ ఇది కూడా 43 గొడవలో భాగమేననుకున్నారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ బూట్ కాని నాలుగూ ఆ నెలలోనే కొన్న యంత్రాలు, పాత ఎనిమిదీ ఏ రోజూ ఆగలేదు. ఈ కౌంటర్లకు డిస్కు లేదు, జ్ఞాపకమూ లేదు. ప్రతి ఉదయం అన్నీ మొదటి నుంచి అడగవలసిందే. డీహెచ్‌సీపీ జవాబు అందరికీ చెడి ఉంటే పన్నెండూ ఆగిపోవాలి. కాబట్టి లోపం ఈ నాలుగు అడిగే తీరులో ఉండాలి.

బూట్ సర్వర్ 10.20.10.8 మీద టీఎఫ్‌టీపీ లాగు తెరిచి, ఆగిపోయే కౌంటర్‌లో ఒకదాన్ని ఆన్ చేయించాను. లాగులో దాని చిరునామా నుంచి `pxelinux.0` ఫైలు కోసం ప్రశ్న వెంటనే కనబడింది. ఈ ఒక్క పంక్తి చాలా చెబుతుంది. యంత్రానికి చిరునామా వచ్చింది, బూట్ సర్వర్ ఎక్కడుందో తెలిసింది, దారి ఉంది, ఫైలు పేరు కూడా అందింది. ప్రశ్నే రాకపోయి ఉంటే సర్వర్ చిరునామా దగ్గరో, మధ్యలోని ఫైర్‌వాల్ దగ్గరో వెతకాలి. ప్రశ్న వచ్చి, ఫైలు దిగి, ఆ తరువాత యంత్రం నోరు మెదపకుండా బూట్ మెనూకు తిరిగి వెళ్తున్నదంటే, దిగిన ఫైలు దానికి పనికిరానిదన్నమాట.

పట్టిన ప్యాకెట్లలో జవాబు అప్పటికే ఉంది. పాత యంత్రాల పేరులో `Arch:00000` ఉంది, అంటే పాత తరహా బయోస్. కొత్తవాటిలో `Arch:00007`, అంటే బయోస్ స్థానంలో వచ్చిన 64 బిట్ యూఈఎఫ్‌ఐ. ఇదే సంఖ్య ఆప్షన్ 93లో విడిగానూ వస్తుంది. `pxelinux.0` బయోస్ కోసం తయారైన ఫైలు, యూఈఎఫ్‌ఐ దాన్ని నడపలేదు. పాత పూల్‌లో ఫైలు పేరు ఒక్కటే ఉండడం వల్ల కొత్త యంత్రాలకూ అదే వెళ్లింది. 43 విషయంలో జరిగిన పొరపాటే ఇక్కడ మరో వేషంలో కనబడుతుంది, అడిగినవారి స్వరూపం చూడకుండా అందరికీ ఒకే జవాబు.

```
dhcp-match=set:bios,option:client-arch,0
dhcp-match=set:efi64,option:client-arch,7
dhcp-match=set:efi64,option:client-arch,9
dhcp-boot=tag:bios,pxelinux.0,,10.20.10.8
dhcp-boot=tag:efi64,grubx64.efi,,10.20.10.8
```

7, 9 రెండూ రాయడానికి కారణం ఉంది. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4578 పట్టికలో 64 బిట్ యూఈఎఫ్‌ఐకి 9 అని ఉంటుంది, కానీ బయట దొరికే యంత్రాలు సాధారణంగా 7 పంపుతాయి. పట్టికను నమ్మి 9 ఒక్కటే రాస్తే ఈ నాలుగు కౌంటర్లకు ఏ గుర్తూ తగలదు, అప్పుడు ఫైలు పేరే వెళ్లదు. బూట్ సర్వర్‌లో `grubx64.efi`, దాని అమరిక ఫైలు పెట్టిన తరువాత మూడు కౌంటర్లు లేచాయి, నాలుగోది లేవలేదు. ఆ ఒక్కదాంట్లో సెక్యూర్ బూట్ ఆన్ అయి ఉంది. సంతకం లేని ఫైలును అది తిరస్కరిస్తుంది, బయటికి కనిపించే లక్షణం మాత్రం ఇందాకటిదే, ఫైలు దిగుతుంది, తరువాత మెనూకు తిరిగి వెళ్తుంది. మిగిలిన మూడింటితో సమానంగా దాన్నీ అమర్చాక అదీ లేచింది. లక్షణం ఒకటే అయినంత మాత్రాన కారణం ఒకటే అనుకోకూడదని అక్కడ అరగంట పోగొట్టుకొని తెలుసుకున్నాను.

పరీక్ష ఎలా చేశామన్నది ఈ కేసులో పరిష్కారమంత ముఖ్యమైన భాగం. పనిచేస్తున్న యాక్సెస్ పాయింట్‌ను చూసి 43 బాగుందని చెప్పడం సాక్ష్యం కాదు, అది జ్ఞాపకంతో నడుస్తుండవచ్చు. అందుచేత ఆదివారం రాత్రి సందర్శకులు వెళ్లిపోయిన తరువాత, ప్రతి రకంలోనూ ఒక పరికరం జ్ఞాపకాన్ని చెరిపించాను. యాక్సెస్ పాయింట్‌లో ఈ ఆదేశంతో దాచుకున్న అమరిక అంతా పోతుంది.

```
capwap ap erase all
```

ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేశాం. కౌంటర్లకు చెరపవలసిందేమీ లేదు, ఆపి ఆన్ చేస్తే చాలు. సర్వర్‌లో `log-dhcp` అనే పంక్తి చేర్చి ఉంచాను, అది ఎవరికి ఏ గుర్తు తగిలిందో, ఏ ఆప్షన్‌లో ఎన్ని బైట్లు వెళ్లాయో లాగులో రాస్తుంది. యాక్సెస్ పాయింట్ తిరిగి లేచినప్పుడు ఈ పంక్తులు వచ్చాయి.

```
vendor class: Cisco AP c1830
tags: ap, eth0
sent size:  6 option: 43 vendor-encap  f1:04:0a:14:0a:05
```

రెండు నిమిషాలు గడిచాయో లేదో కంట్రోలర్ తెరపై ఆ యాక్సెస్ పాయింట్ కనబడింది. ఫోనుకు 24 బైట్ల 43 వెళ్లింది, అది సెట్టింగులు తెచ్చుకొని తన నంబరు చూపించింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ దాని నుంచి ఐసీయూకు ఫోన్ చేసి చూసి, "మోగింది సార్" అన్నారు. ఆ తరువాతే బ్లాకులోని స్విచ్‌లన్నింటినీ ఒకసారి ఆపి ఆన్ చేయించాం. అన్ని పరికరాలూ ఒకేసారి అడిగినప్పుడు లాగులో ప్రతి ప్రశ్నకూ దాని గుర్తు ఉందో లేదో చివరి దాకా చదివాను. ఒక ఫోనుకు గుర్తు తగలలేదు. అది ప్రసూతి వార్డులో ఉన్న వేరే సంస్థ పాత ఫోను, దాని పేరు మా పంక్తుల్లో లేదు. సెట్టింగులు దాని లోపలే చేతితో రాసి ఉన్నాయి కనుక అది పనిచేస్తూనే ఉంది. పాడైన రోజున దాని స్థానంలో ఏమి పెట్టాలో ముందే రాసి ఇచ్చాను.

ఈ అమరికకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, డీహెచ్‌సీపీ ఇప్పుడు ఒక్క యంత్రం మీద ఆధారపడింది. అది ఆగితే చిరునామాలకు ఇచ్చిన ఎనిమిది గంటల లీజు పూర్తయ్యేలోగా బాగుచేయాలి, ఓపీ కౌంటర్లకైతే ఆ వ్యవధి కూడా లేదు, మరుసటి ఉదయమే తెలిసిపోతుంది. అదే అమరికతో రెండో యంత్రాన్ని పక్కన సిద్ధంగా ఉంచాం, కానీ దాన్ని చేతితోనే ఆన్ చేయాలి. రెండోది, ఆప్షన్ 60 పరికరం తన గురించి తాను చెప్పుకునే మాట. ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌లో `yealink` అని రాసుకుంటే ఫోన్ల సర్వర్ చిరునామా వాళ్లకూ వెళ్తుంది. కాబట్టి ఆ సర్వర్‌లోని ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టించాం. వీలాన్‌లు విడదీసిన తరువాత కూడా ఈ గుర్తుల పంక్తులు అలాగే ఉంచవచ్చు, వాటివల్ల నష్టమేమీ లేదు.

రెండు నెలల తరువాత ఆసుపత్రి ఇంకొక కంట్రోలర్‌ను అండగా కొని 10.20.10.6 చిరునామా ఇచ్చింది. ఐటీ యువకుడు ఆ రోజు తానే 43ను మార్చి, సర్వర్‌ను తిరిగి నడిపే ముందు నాకు ఫోనులో చదివి వినిపించాడు: `f1:04:0a:14:0a:05:0a:14:0a:06`. చిరునామాలు రెండూ సరిగానే ఉన్నాయి, కానీ రెండో బైటు ఇంకా `04` అనే ఉంది. నాలుగు బైట్లు చదివిన తరువాత మిగిలినదాన్ని కొత్త విషయంగా తీసుకుంటే `0a` రకమవుతుంది, `14` పొడవవుతుంది, అంటే 20 బైట్లు, ఉన్నవి మాత్రం రెండు. రెండో కంట్రోలర్ ఎవరికీ కనబడదు, మొదటిది నడుస్తున్నంత కాలం ఆ సంగతీ తెలియదు. రెండు చిరునామాలకు ఎనిమిది బైట్లు అని చెప్పి, `08` రాయించాను. ఒక యాక్సెస్ పాయింట్‌ను చెరిపి లేపాక లాగులో 43 పొడవు 10 అని వచ్చింది. మొదటి కంట్రోలర్ తీగను పది నిమిషాలు పీకి ఉంచినప్పుడు ఆ యాక్సెస్ పాయింట్ రెండోదానికి చేరింది.